రెండు పిక్సెళ్ల పిట్టగోడ: నా అనుభవం

నిన్న రాత్రే ఫైల్ పంపేశాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

పని చెప్పినప్పుడు చాలా చిన్నదిగా అనిపించింది. మూడంతస్తుల భవనం రెండర్, అంటే త్రీడీ మోడల్ నుంచి కంప్యూటర్‌లో తీసిన బొమ్మ, ఒకటి ఉంది. కాస్త పైనుంచి చూస్తున్నట్టు ఉంటుంది కాబట్టి డాబా లోపలి నేల కనిపిస్తుంది, వెనక పిట్టగోడ అంచు ఆకాశానికి ఆనుకుని ఉంటుంది. ఆ డాబా మీద పచ్చదనం వేయాలి, సోలార్ ప్యానెళ్లు పెట్టాలి. షరతు ఒక్కటే: ఆకాశం మీద కనిపించే పైకప్పు గీత కదలకూడదు. ఆ ఆకారానికి ఇదివరకే ఒప్పుదల వచ్చేసింది, మళ్లీ చర్చ వద్దన్నారు.

త్రీడీ ఫైల్ అడిగాను. రెండర్ చేసినాయన "పాత హార్డ్ డిస్క్‌లో ఉండాలి" అన్నాడు. అంటే లేదని అర్థం. చేతికొచ్చింది 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఒక్క బొమ్మ. ఈ పని ఒప్పుకునేవాళ్లు డబ్బు మాట్లాడే ముందు మోడల్ ఉందా లేదా అని అడగండి. లేకపోతే పని రెట్టింపు.

కెమెరా కోణం పట్టుకోవడానికి fSpy అనే ప్రోగ్రామ్ వాడాను. పిట్టగోడ అంచుల మీద గీతలు పెడితే అది కెమెరాను లెక్కగట్టి, నేను త్రీడీ పనికి వాడే బ్లెండర్‌కి ఇస్తుంది. మొదట గీతలు కుదరలేదు. ఎవరో ఆ బొమ్మను ఒక పక్క కత్తిరించారట. ఏమీ చెప్పకపోతే fSpy బొమ్మ మధ్యబిందువే కెమెరా చూపు మధ్యబిందువు అనుకుంటుంది, కత్తిరించిన బొమ్మలో అది నిజం కాదు. నిలువు గీతలు పొడిగిస్తే కలిసే చోటును మూడో వానిషింగ్ పాయింట్‌గా ఇచ్చాక దారికొచ్చింది. మెట్లగది నీడను చూసి బ్లెండర్‌లో సూర్యుణ్ణి నిలబెట్టడం పది నిమిషాల పని.

పచ్చదనానికి మెత్తటి సెడం మొక్కలు పరిచాను. ప్యానెళ్లను 30 డిగ్రీల వాలులో వరసగా నిలబెట్టాను. అందంగా వచ్చాయి. నాకు నేనే భుజం తట్టుకున్నాను కూడా.

మీటింగ్‌లో పెద్ద స్క్రీన్ మీద నా బొమ్మ పెట్టారు. వాళ్ల ఆర్కిటెక్ట్ ఒక్క మాట మాట్లాడలేదు. పాత బొమ్మ, కొత్త బొమ్మ ఒకదాని మీద ఒకటి పెట్టి, కీబోర్డ్ మీద ఒకే మీట టకటకా నొక్కడం మొదలుపెట్టాడు. పాతది, కొత్తది, పాతది, కొత్తది. నొక్కినప్పుడల్లా వెనక వరస ప్యానెళ్లు పిట్టగోడ మీంచి ఆకాశంలోకి తల ఎత్తి దించుతున్నాయి. "భవనం మనకి నమస్కారం పెడుతోంది బాబూ" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను!

అక్కడే కూర్చుని, బయటికి పొడుచుకొచ్చిన ముక్కల్ని, వాటిని దాచే మాస్క్ వేసి కోసేశాను. ఇంకా ఘోరం. వెనక పిట్టగోడ ప్యానెళ్లకు వెనక ఉంటుంది, ముందు కాదు. కాబట్టి అది వాటి పైభాగాన్ని కప్పే అవకాశమే లేదు. బొమ్మలో మాత్రం ప్యానెళ్ల తలలు కత్తితో నరికినట్టు సరిగ్గా గోడ గీత దగ్గర ఆగిపోయాయి. ఆయన ఈసారి నవ్వలేదు. "తప్పు బొమ్మలో లేదు, లెక్కలో ఉంది. ఎంత ఎత్తు పెట్టావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నేను కంటికి బాగున్నంత ఎత్తు పెట్టాను.

ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. పిట్టగోడ మీటరు ఎత్తు. నీరు ఆపే పొర, నీరు పోయే పొర, మట్టి, మొక్క అన్నీ కలిపి పలచటి పచ్చ కప్పుకి 15 సెంటీమీటర్లు వేసుకున్నా, మొక్కల పైనుంచి గోడ 85 సెంటీమీటర్లే మిగిలింది. పచ్చదనం వేస్తే గోడ పొట్టిదవుతుందన్న సంగతి నాకు తట్టనే లేదు. ప్యానెల్ పొడవు సుమారు 1.7 మీటర్లు. 30 డిగ్రీల్లో నిలబెడితే దాని పై అంచు కింది అంచుకన్నా 85 సెంటీమీటర్లు ఎత్తు. అంటే మొక్కల మీదే ఆనించి పెట్టినా గోడ అంచుకి సమానం! పైగా మొక్కల నీడ పడకుండా కింద 30 సెంటీమీటర్ల ఖాళీ ఇచ్చాను. ఆ 30 సెంటీమీటర్లే ఆకాశంలోకి వచ్చిన తలలు.

వాలును 10 డిగ్రీలకు దించాను. ఇప్పుడు ప్యానెల్ లేచేది 30 సెంటీమీటర్లు, కింద ఖాళీ 30, మొత్తం 60. గోడ అంచుకి ఇంకా 25 సెంటీమీటర్ల కిందే. కెమెరా గోడకన్నా పైన ఉంది కాబట్టి, గోడకన్నా పొట్టిగా ఉన్న వస్తువును డాబా మీద ఎక్కడ పెట్టినా అది వెనక గోడ గీతను దాటలేదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఆ నమస్కారం తప్పేది. కెమెరా గోడకన్నా కింద ఉంటే ఈ హామీ పనిచేయదు. అప్పుడు ముందు గోడే చాలా వరకు దాచేస్తుంది, అది వేరే లెక్క.

తలలు పోయాయి. కానీ నేనే మీట నొక్కి చూసుకుంటే గోడ అంచు ఇంకా చిన్నగా వణుకుతోంది. ఇది నా సొంత ఘనకార్యం. మొదటి రోజు డాబాను, ఒకే రంగున్న చోటంతా పట్టుకునే మ్యాజిక్ వాండ్‌తో ఎంచుకుని పచ్చరంగు వేశాను. అది గోడ అంచులో రెండు పిక్సెళ్లు తినేసింది. అంచు దగ్గరి పిక్సెళ్లు సగం గోడ, సగం ఆకాశం రంగులో ఉంటాయి, వాటిని ముట్టుకుంటే గీత జరిగినట్టే కనిపిస్తుంది.

అంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. పాత బొమ్మను అడుగున తాళం వేసి ఉంచాను. పెన్ టూల్‌తో గోడల లోపలి అంచు వెంట, గీతకు ఒక పిక్సెల్ లోపలగా దారి గీసి మాస్క్ చేశాను. కొత్త పని అంతా ఆ మాస్క్ లోపలే. బ్లెండర్ నుంచి ప్యానెళ్లూ వాటి నీడలూ మాత్రమే తెచ్చాను, గోడను ఎక్కడా మళ్లీ గీయలేదు.

పరీక్ష ఇలా: పాత బొమ్మను అన్నిటికన్నా పైన పెట్టి బ్లెండ్ మోడ్ Difference చేయాలి. మారని చోటల్లా నల్లగా ఉంటుంది. మన కన్ను చిన్న తేడాలను నలుపే అనుకుంటుంది కాబట్టి దాని పైన వెలుగు సరిచేసే Levels పెట్టి తెల్ల ముల్లును బాగా ఎడమకు లాగాలి. నాకు మెట్లగది మూల ఒక పచ్చ చుక్క బయటపడింది, తుడిచాను. ఫైల్‌ని PNG గానే పంపండి. JPEG చేస్తే ముట్టుకోని చోట కూడా పిక్సెళ్లు మారతాయి, మీరు ఏ తప్పూ చేయకపోయినా దొరికిపోతారు.

నిన్న ఆయన మళ్లీ మీట నొక్కాడు. ఇరవైసార్లు నొక్కి ఉంటాడు. భవనం కదల్లేదు. ఆయన ముఖం కూడా కదల్లేదు. కాసేపాగి "ప్యానెళ్లు ఇంకాస్త కనిపిస్తే బాగుండేదేమో" అన్నాడు. కాగితం మీది లెక్క ఆయన ముందు పెట్టాను. చూశాడు. చివరికి డాబాను పైనుంచి చూపే చిన్న బొమ్మ ఒకటి విడిగా చేసి మూలన అతికించమన్నాడు. దానికి వేరే బిల్లు వేశాను.