రిపోర్టులో రియాక్టివ్ అని వచ్చింది

గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. రెండు నెలలుగా భోజనం చేస్తే చాలు, కుడి డొక్కలో మెలిపెట్టేసేది. ఆపరేషన్‌కు ముందు అందరికీ చేసే రక్త పరీక్షలే నాకూ చేశారు. రిపోర్టులో హెచ్‌ఐవీ వరుసకు ఎదురుగా ‘రియాక్టివ్’ అని ఉంది.

ఆ రాత్రి నేనూ మా ఆవిడా నిద్రపోలేదు. మా ఇద్దరి జీవితాల్లో అది సోకే దారేదీ లేదు. అయినా పరీక్ష 99.5 శాతం కచ్చితమని చదివాక, ఇక నాకు తప్పే అవకాశం అర శాతమే అనుకున్నాను.

మర్నాడు డాక్టరుగారు ఆ లెక్కే తప్పన్నారు. ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి, పైన 10,000 అని రాశారు. "మీలాగే ఏ రిస్కూ లేనివాళ్లు ఇంతమంది అనుకుందాం. వీళ్లలో నిజంగా వైరస్ ఉన్నవాళ్లు పదిమంది అనుకోండి. ఆ పదిమందినీ పరీక్ష పట్టేస్తుంది. మిగిలింది 9,990 మంది. వాళ్లలో అర శాతానికి పొరపాటున రియాక్టివ్ వస్తుంది. ఎంతమంది?"

"యాభై."

"మొత్తం అరవై రిపోర్టులు. నిజమైనవి పదే. మీరు ఆ అరవైలో ఒకరు."

అంటే ఆరింట ఒక వంతు. 99.5 అనేది వైరస్ లేనివాళ్లలో ఎంతమందికి సరిగ్గా నెగెటివ్ వస్తుందో చెప్పే అంకె. రియాక్టివ్ వచ్చినవాళ్లలో ఎంతమందికి నిజంగా ఉందో చెప్పేది కాదు. ఈ రెండింటినీ నేను ఒకటే అనుకుని రాత్రంతా కుమిలిపోయాను. జబ్బు అరుదైనకొద్దీ లేనివాళ్ల గుంపు అంత పెద్దదవుతుంది, అందులో అర శాతమే ఉన్నవాళ్లను మించిపోతుంది. అదే లక్షణాలో రిస్కో ఉండి పరీక్షకు వచ్చినవాళ్లయితే, పదివేలలో పదితో మొదలుపెట్టకూడదని కూడా ఆయన చెప్పారు. అప్పుడు అదే రిపోర్టు చాలావరకు నిజమే అవుతుంది.

"ఇదే పరీక్ష మళ్లీ చేయించనా?" అని అడిగాను. వద్దన్నారు. రక్తంలోని వేరే యాంటీబాడీ ఏదో ఆ కిట్‌కు అతుక్కుని ఉంటే, రెండోసారీ అదే తప్పు వస్తుందట. అందుకే వేరే పద్ధతిలో పనిచేసే పరీక్షకూ, వైరస్ ఆర్ఎన్ఏను నేరుగా వెతికే పరీక్షకూ రాశారు. ఆపరేషన్ ఆపాల్సిన పనిలేదని ఆయన అన్నా, ఫలితం వచ్చేదాకా ఆగుదామని నేనే బతిమాలాను.

రెండూ నెగెటివ్. ఫోన్ పెట్టేసి మా ఆవిడ ఏడ్చేసింది.

తర్వాతి వారం ఆపరేషన్ అయింది. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు, అవి మానిపోయాయి. నొప్పి మళ్లీ రాలేదు. ఆ మూడు రిపోర్టులూ ఒకే ఫైల్లో ఉంచాను. ఇంకెప్పుడైనా ఆ రకం కిట్‌తోనే పరీక్ష చేస్తే, నాకు మళ్లీ రియాక్టివ్ అనే రావచ్చు.