కాంటాక్టర్ అతుక్కుపోతే రీసెట్ ఎందుకు పట్టదు: ప్రెస్ గార్డు ప్రశ్నకు నా ప్రిపరేషన్

ప్రెస్ షాపులో మెయింటెనెన్స్ టెక్నీషియన్ పోస్టు కోసం రాత పరీక్షకూ, ట్రేడ్ టెస్టుకూ చదువుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. మొదటి ప్రయత్నంలో నేను తప్పుగా రాసిన ప్రశ్న ఇది: లైట్ కర్టెన్ అమర్చిన ప్రెస్‌లో ఒక కాంటాక్టర్ మెయిన్ కాంటాక్టు అతుక్కుపోతే ఆ లోపం ఎప్పుడు బయటపడుతుంది? "వెంటనే" అని రాశాను. సేఫ్టీ రిలే అన్నిటినీ అనుక్షణం కనిపెట్టుకుని ఉంటుందని అనుకోవడమే ఆ తప్పుకు మూలం.

రెండోసారి చదివేటప్పుడు సర్క్యూట్‌ను చేత్తో గీసుకున్నాను. కర్టెన్ నుంచి రెండు అవుట్‌పుట్లు సేఫ్టీ రిలేకు వస్తాయి. కిరణాలకు అడ్డు లేనంతసేపూ రెండిటిలోనూ 24 వోల్టులు ఉంటాయి, చెయ్యి అడ్డుపడగానే రెండూ పడిపోతాయి. రిలే అవుట్‌పుట్లు కేఎం1, కేఎం2 అనే రెండు కాంటాక్టర్లను నడుపుతాయి. వాటి మెయిన్ కాంటాక్టులు సిరీస్‌లో ఉండి ప్రెస్ క్లచ్ వాల్వుకు కరెంటు ఇస్తాయి. ఇక రెండు కాంటాక్టర్ల నుంచి, కాంటాక్టర్ విడిపోయి ఉన్నప్పుడు మూసుకుని ఉండే ఒక్కొక్క ఎన్‌సీ కాంటాక్టును తీసుకుని, ఆ రెండిటినీ సిరీస్‌లో రీసెట్ బటన్ దారిలో కలుపుతారు. దీన్నే ఫీడ్‌బ్యాక్ లూప్ అంటారు. పరీక్షలో సగం ప్రశ్నలకు జవాబు ఈ లూప్‌లోనే ఉంటుంది.

ప్రెస్ నడుస్తుండగా కేఎం1 అతుక్కుపోయిందనుకుందాం. ఆ క్షణంలో కేఎం1 మూసుకునే ఉండాలి, మూసుకునే ఉంది. కాబట్టి తేడా ఏదీ కనిపించదు, రిలేకు తెలిసే మార్గమూ లేదు. తర్వాత ఆపరేటర్ చెయ్యి కర్టెన్‌లోకి వస్తుంది. రిలే రెండు కాయిళ్లనూ వదిలేస్తుంది, కేఎం1 విడిపోదు, కేఎం2 విడిపోతుంది, ప్రెస్ ఆగుతుంది. అంటే చేతిని కాపాడింది రెండో ఛానెల్. లోపం పట్టుబడేది ఆ తర్వాతి అడుగులో: చెయ్యి తీసి రీసెట్ నొక్కితే, కేఎం1 ఎన్‌సీ కాంటాక్టు ఇంకా తెరుచుకునే ఉన్నందువల్ల లూప్ పూర్తికాదు, రిలే ఎత్తుకోదు. ఆపడం ఒక పని, పట్టుకోవడం ఇంకో పని అని ఇక్కడ నాకు స్పష్టమైంది.

దీన్ని బోర్డు మీద చేసి చూడడం నాకు బాగా ఉపయోగపడింది. క్లచ్ వాల్వుకు బదులు 24 వోల్టుల దీపం పెట్టి, సరఫరా ఆపి, కేఎం1 ఆర్మేచర్‌ను చెక్కపుల్లతో నొక్కి ఉంచి, మళ్లీ సరఫరా ఇచ్చి రీసెట్ నొక్కాను, రిలే పట్టలేదు. అయితే ఈ ఎన్‌సీ కాంటాక్టు మిర్రర్ కాంటాక్టు అయి ఉండాలి, అంటే మెయిన్ కాంటాక్టు అతుక్కుని ఉండగా అది మూసుకునే వీలు లేని నిర్మాణం కావాలి. ఆ హామీ లేని సహాయక కాంటాక్టును వాడితే లూప్ అబద్ధం చెప్పవచ్చు.

ట్రేడ్ టెస్టులో ఫీడ్‌బ్యాక్ టెర్మినళ్ల మధ్య జంపర్ వేసిన ప్యానెల్ ఇచ్చి లోపం చెప్పమన్నారు. అటువంటి ప్యానెల్‌లో ప్రెస్ మామూలుగానే నడుస్తుంది, కర్టెన్‌కు మామూలుగానే ఆగుతుంది. కేఎం1 అతుక్కున్నా రీసెట్ అవుతుంది. కొన్ని నెలలకు కేఎం2 కూడా అతుక్కుంటే, అప్పుడు చెయ్యి లోపల ఉన్నా ప్రెస్ ఆగదు. ఐఎస్ఓ 13849-1లో కేటగిరీ 3, 4 మధ్య తేడాను నేను దీనితోనే గుర్తుపెట్టుకున్నాను: రెండిటిలోనూ ఒక్క లోపం రక్షణను పోగొట్టకూడదు, కానీ బయటపడని లోపాలు పోగుపడినా రక్షణ నిలవాలని కోరేది కేటగిరీ 4.

వైర్ల లోపాలను పట్టేది వేరొకరు. కర్టెన్ అవుట్‌పుట్ వైరు ఒకటి 24 వోల్టులకు తగిలినా, రెండు వైర్లు ఒకదానికొకటి తగిలినా, చాలా కర్టెన్లలో దాన్ని కనుక్కునేది కర్టెనే. అది రెండు అవుట్‌పుట్లనూ వేర్వేరు సమయాల్లో, రిలే విడిపోయేంత వ్యవధి లేకుండా, క్షణంలో చిన్న భాగం ఆపి చూస్తుంది. ఆపిన లైను సున్నాకు రాకపోతే రెండో అవుట్‌పుట్‌నూ ఆపేసి లాకౌట్‌లోకి వెళ్తుంది. ఇక్కడ లోపం చెయ్యి అడ్డుపడకముందే దొరుకుతుంది. "వెంటనే" అన్న జవాబు దాదాపుగా సరిపోయేది ఈ లోపానికే.

కాంటాక్టర్ లోపం మాత్రం ప్రెస్ ఆగి మళ్లీ మొదలయ్యే దాకా దాగి ఉంటుంది. చేత్తో షీటు పెట్టే ప్రెస్‌లో కర్టెన్ కిరణాలకు తరచూ చెయ్యి అడ్డుపడుతుంది కనుక అది త్వరగానే బయటపడుతుంది. షీటు చుట్ట నుంచి దానంతట అదే అందే ప్రెస్‌లో షిఫ్టంతా ఎవరూ చెయ్యి పెట్టకపోవచ్చు. ప్రతి షిఫ్టు మొదట్లో టెస్ట్ రాడ్‌ను కిరణాలకు అడ్డుపెట్టి, ప్రెస్ ఆగిందో లేదో చూసి, రీసెట్ పట్టిందో లేదో కూడా చూసేది అందుకే. నా ఇంటర్వ్యూలో అడిగిన చివరి ప్రశ్న కూడా ఇదే: రాడ్ పెట్టగానే ప్రెస్ ఆగింది, రాడ్ తీశాక రీసెట్ పట్టలేదు, మొదట ఎక్కడ చూస్తావు? సరఫరా ఆపి, రెండు కాంటాక్టర్ల ఎన్‌సీ కాంటాక్టులనూ విడివిడిగా మల్టీమీటర్‌తో చూస్తానని, ఎన్‌సీ కాంటాక్టు తెరుచుకుని ఉన్న కాంటాక్టర్‌ను మారుస్తానని, లూప్‌కు జంపర్ వేయనని చెప్పాను.