మూడు ఫోన్ కాల్స్, ఒక్క మెయిల్: నా అనుభవం

జులై మొదటి వారంలో మేము గుంటూరు బ్రాడీపేటలోని అద్దె ఇల్లు ఖాళీ చేసి గోరంట్ల వైపు మారాము. ఇంటర్నెట్ కనెక్షన్ కూడా కొత్త ఇంటికి మార్చమని కంపెనీకి ఫోన్ చేశాను. నెల తిరిగేసరికి కొత్త ఇంట్లో కనెక్షన్ లేదు, పాత ఇంట్లో మేము లేము, కానీ ఆగస్టు 5న రూ.824.82 బిల్లు మాత్రం వచ్చింది. నెలవారీ అద్దె రూ.699, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఒక్క రోజు కూడా వాడని నెలకు ఇంత డబ్బు కట్టమనడం నాకు చాలా కోపం తెప్పించింది.

ఈలోపు నేను కంపెనీతో మూడుసార్లు మాట్లాడాను: జులై 3, జులై 14, ఆగస్టు 8. చివరిది వరలక్ష్మీ వ్రతం రోజు. పూజ ముగించుకుని, వాయనాలకు వచ్చేవాళ్ళు వచ్చేలోపు మాట్లాడేద్దామని కూర్చుంటే ముప్పావుగంట పట్టింది. నా ఫోనులో కాల్స్ రికార్డు అవుతాయి కాబట్టి మూడూ నా దగ్గర ఉన్నాయి. కంపెనీకి ఫిర్యాదు మెయిల్ రాయడం కోసం రెండు రాత్రులు కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరు ఏ నిమిషంలో ఏమన్నారో ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను. పద్దెనిమిది పేజీలు వచ్చింది. అందులో సగానికి పైగా "లైన్‌లో ఉండండి మేడమ్", "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" లాంటి మాటలే.

రాసుకున్నాక మొదట చేసిన పని, కంపెనీ ప్రతినిధి ఏదో ఒకటి చేస్తామని చెప్పిన ప్రతి వాక్యం కిందా గీత గీయడం. ఇరవైకి పైగా గీతలు పడ్డాయి. మళ్ళీ చదివితే చాలావరకు నిలవలేదు. "మీ సమస్య తప్పకుండా పరిష్కరిస్తాము" అన్నదాన్ని మాట తప్పారని నిరూపించడం ఎలా? ఫలానా పని అనీ, ఫలానా గడువు అనీ రెండూ ఉన్న వాక్యాలు, లేదా ఇక ఫలానా డబ్బు పడదని తేల్చి చెప్పినవి మాత్రమే ఉంచాను. ఐదు మిగిలాయి.

ఆ ఐదింటిలో ఒకటి నన్ను నిలబెట్టేసింది. గోరంట్లలో తమ లైన్ లేదని జులై 14న కనెక్షన్ మూసేస్తామన్నప్పుడు, రూ.1,500 డిపాజిట్ వారంలో తిరిగి ఇస్తామని చెప్పారని నేను గట్టిగా నమ్మాను. ఇంట్లో అందరికీ అలాగే చెప్పాను కూడా. కాగితం మీద చూస్తే ఆ అబ్బాయి అన్నది వేరు: "రౌటర్ మా మనిషి తీసుకున్న తర్వాత ముప్పై రోజుల్లో డిపాజిట్ వస్తుంది." వారం అన్నది రౌటర్ తీసుకెళ్ళడానికి. రౌటర్‌ను జులై 18న తీసుకెళ్ళారు. అంటే డిపాజిట్ గడువు ఆగస్టు 17. నేను మెయిల్ రాస్తున్నది ఆగస్టు 11న. గడువు ఇంకా మిగిలే ఉంది. జ్ఞాపకాన్ని నమ్ముకుని అది కూడా మాట తప్పడం కిందే రాసి ఉంటే, వాళ్ళు తమ రికార్డు విని ఆ ఒక్కటీ తప్పని చూపేవారు, మిగిలిన నాలుగింటినీ కూడా అనుమానంగానే చూసేవారు. అందుకే డిపాజిట్‌ను ఫిర్యాదులోంచి తీసేసి, "ఆగస్టు 17లోపు రావలసి ఉంది" అని మాత్రం చివర రాశాను.

పని దినాల లెక్క ఇంకో చిక్కు. కొత్త ఇంటికి కనెక్షన్ ఐదు పని దినాల్లో మారుస్తామని జులై 3, గురువారం నాడు అన్నారు. శనివారం పని దినమైతే గడువు జులై 9, కాకపోతే జులై 10. నేను 10వ తేదీనే రాశాను. వాళ్ళకు అనుకూలంగా లెక్కించినా గడువు దాటిందని తేలితే ఇక వాదించడానికి ఏమీ ఉండదు. "48 గంటల్లో మా పై అధికారి ఫోన్ చేస్తారు" అన్నది ఆగస్టు 8 ఉదయం 11.40కి. గడువు ఆదివారం నాడు ముగుస్తుంది కనుక సోమవారం సాయంత్రం దాకా ఆగి అప్పుడు రాశాను.

మొదటి చిత్తుప్రతి నాన్నకు చూపించాను. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యారు, అర్జీలు చదివిన అనుభవం ఆయనది. ఇల్లు మారడం దగ్గర నుంచి మొదలుపెట్టి జరిగినదంతా వరసగా రాశాను. "నీకు ఏం కావాలో రెండో పేజీలో ఉందమ్మా. చదివేవాడు అక్కడిదాకా వస్తాడా?" అన్నారు. అడిగేది పైకి తెచ్చాను. "ఇంత నిర్లక్ష్యమా" అన్న వాక్యాలు నాలుగు ఉంటే అన్నీ కొట్టేశారు. నాకు బాధగానే అనిపించింది, కానీ అవి పోయాక తేదీలు స్పష్టంగా కనిపించాయి.

మెయిల్ ఇంగ్లీషులో రాశాను. కానీ కాల్స్ తెలుగులో జరిగాయి. చదివేవారికి తెలుగు రాకపోవచ్చు. అందుకని ప్రతినిధి అన్న తెలుగు వాక్యాన్ని అలాగే ఉంచి, దాని కింద ఇంగ్లీషు అర్థం ఇచ్చాను. అనువాదం మాత్రమే ఇస్తే అది నా మాట అవుతుంది. జులై 14 కాల్ గురించిన భాగం తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"2025 జులై 14, ఉదయం 10.52కు చేసిన కాల్. మీరు ఇచ్చిన ఫిర్యాదు సంఖ్య పైన ఉంది. 6 నిమిషాల 40 సెకన్ల వద్ద మీ ప్రతినిధి మాట: 'గోరంట్లలో మా లైన్ లేదు మేడమ్, కనెక్షన్ మూసివేత ఈరోజే నమోదు చేశాను, ఇక బిల్లు రాదు.' జరిగినది: ఆగస్టు 5న జులై 5 నుంచి ఆగస్టు 4 వరకు రూ.824.82 బిల్లు వచ్చింది. ఆగస్టు 8 కాల్‌లో, మూసివేత అభ్యర్థన అసలు కనబడటం లేదన్నారు."

మిగతా రెండు కాల్స్‌కూ ఇదే పద్ధతి: వాళ్ళ మాట, గడువు, జరిగినది. జులై 3నాడు "పాత ఇంట్లో ఈరోజుతో ఆపేస్తున్నాము, కొత్త ఇంట్లో మొదలయ్యేదాకా అద్దె పడదు" అన్న వాక్యం కూడా దొరికింది. దాని విలువ నాకు రాసుకున్నాకే తెలిసింది. మూసివేత నమోదు కాలేదన్న వాదన నిజమే అనుకున్నా, ఆ ఒక్క మాటతోనే బిల్లు నిలవదు.

పద్దెనిమిది పేజీలూ పంపలేదు. ఆ ఐదు వాక్యాలున్న పేజీలు మాత్రమే జోడించాను, వాటిలో నా పుట్టినతేదీ, ఫోన్ నంబరు చెప్పిన చోట్లు చెరిపేశాను. ఆడియో నా దగ్గర ఉందని, వాళ్ళ వైపు ఈ మూడు కాల్స్ రికార్డులను భద్రపరచమని ఒక వాక్యం చేర్చాను. కాల్ మొదట్లో రికార్డు చేస్తున్నామని వాళ్ళే చెబుతారు కదా.

నేరుగా అప్పిలేట్ అథారిటీకి పంపేద్దామన్న ఆవేశం కూడా వచ్చింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి వెళ్ళి సంఖ్య తీసుకోవాలి. అక్కడ తేలకపోయినా, తేల్చిన తీరు నచ్చకపోయినా ముప్పై రోజుల్లో అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్ళవచ్చు. రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ మాత్రం విడివిడి ఫిర్యాదులను తానుగా విచారించదు. ఈ దారి నాకు తెలుసని మెయిల్ చివర ఒకే వాక్యంలో రాశాను.

ఆగస్టు 19న జవాబు వచ్చింది. జులై 14 కాల్ విన్నామని, మూసివేత నమోదులో పొరపాటు జరిగిందని, బిల్లు రద్దు చేశామని రాశారు. 48 గంటల్లో రావలసిన ఫోను గురించి ఒక్క మాట లేదు. డిపాజిట్ ఆగస్టు 21న ఖాతాలో పడింది, గడువుకు నాలుగు రోజులు ఆలస్యంగా.