జర్మనీలోని కాసెల్ నుంచి, నీ ఉత్తరానికి జవాబు

ప్రియమైన నీకు,

"ఎదురుచూస్తానని చెప్పి నిన్ను కట్టిపడేయడం నాకు ఇష్టం లేదు" అని నువ్వు రాసిన ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఇన్నాళ్లూ ఏం రాయాలో తోచలేదు. నిన్న వార్డులో పడ్డ ఒక మందలింపు నా చేత ఈ జవాబు రాయిస్తున్నది.

ఒక పెద్దాయనకు కుర్ర డాక్టరు రెండు చోట్ల సూది గుచ్చినా నరం దొరకలేదు. ముంజేతి లోపలి వైపు మంచి నరం నా వేలికి తగులుతున్నది. అది చూపించి, క్యాన్యులా నన్ను పెట్టమంటారా అని అడిగాను. పక్కనున్న సీనియర్ నర్సు గొంతు పెంచకుండానే, "అది నీ పని కాదు, ముందు ఆయన స్నానం సంగతి చూడు" అన్నది.

కరీంనగర్ ఐసీయూలో రాత్రిపూట డాక్టర్లే నన్ను పిలిపించుకుని నరం చూపించమన్న సంగతి నీకు తెలుసు. ఆ మాట ఆమెకు చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే చట్టం ఆమె వైపే ఉన్నది. నా జీఎన్‌ఎం నర్సింగ్ చదువును ఇక్కడి చదువుతో పోల్చి చూసి, ఫలానా విషయాల్లో లోటు ఉన్నదని కాగితం ఇచ్చారు. ఆ లోటు తీరాలంటే శిక్షణ కాలమైనా పూర్తి చేయాలి, లేదా నోటి పరీక్షతో పాటు వార్డులో నిజమైన రోగుల దగ్గర పరీక్షాధికారుల ఎదుట పని చేసి చూపాలి. ఆ పరీక్ష తప్పితే ఇంకొక్క అవకాశమే ఉంటుంది. అందాకా నేను సహాయకురాలిని మాత్రమే.

మన దగ్గర ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం రోగి వెంట వచ్చిన వాళ్ల పని అనుకుంటాం. ఇక్కడ రోగి తాలూకు వాళ్లు వచ్చి చూసి వెళ్లిపోతారు, మిగిలినదంతా నర్సుదే. మొదట్లో నాకది అవమానంగానే తోచింది, ఇప్పటికీ కొన్ని ఉదయాలు తోస్తుంది. అయితే నన్ను మందలించిన ఆ మనిషే ఆ పెద్దాయనను పక్కకు తిప్పి, నడుము కింది ఎముక మీది ఎర్రటి మచ్చను వేలితో నొక్కి చూపించింది. నొక్కితే ఎరుపు తెల్లబడి మళ్లీ రావాలి, అలా తెల్లబడకపోతే పుండు మొదలైనట్లే. అది తెల్లబడలేదు. ఒళ్లు తుడిచే చేతికే తెలిసే సంగతి అది. అయినా సరే, రోగి పక్కన రాత్రంతా కూర్చునే మన అమ్మల కన్నా ఇదే గొప్పదని నా చేత ఎవరూ అనిపించలేరు.

ఇదంతా నీకు ఎందుకు రాస్తున్నానంటే, మనం పెళ్లి చేసుకుంటే నువ్వు ఇక్కడికి రావచ్చని నేనే ఒకప్పుడు పట్టుబట్టాను కాబట్టి. భార్య వీసా మీద వచ్చిన భర్తకు ఇక్కడ ఉద్యోగం చేసుకునే హక్కు ఉంటుంది, నిజమే. కానీ నువ్వు ఇక్కడా బడిలో పాఠం చెప్పాలంటే నీ అర్హతను కూడా ప్రభుత్వం గుర్తించాలి, సాధారణంగా రెండు సబ్జెక్టుల్లో విశ్వవిద్యాలయ చదువు ఉండాలి, జర్మన్ భాష నాకు అడిగిన బీ2 కన్నా పై మెట్టులో ఉండాలి. మొదటి ఇద్దరు పిల్లలకు 'అ ఆ'లు దిద్దించిన రోజున నువ్వు ఫోన్‌లో ఎంత సేపు మాట్లాడావో నాకు గుర్తున్నది. ఎన్నేళ్లో చదివి 2024 డీఎస్సీలో తెచ్చుకున్న ఆ బడిని వదిలి, గోదాములో పెట్టెలు మోస్తూ నువ్వు నా ఇంటి అద్దెలో సగం కట్టడం నేను చూడలేను. చేతిలో పని తెలిసి ఉండి కూడా పక్కన నిలబడటం ఎలా ఉంటుందో నిన్న నాకు పూర్తిగా తెలిసింది. నాకైతే దానికి ఒక గడువు ఉన్నది, నీకు ఆ గడువు కూడా కనిపించడం లేదు.

నేను తిరిగి వచ్చేయవచ్చు కదా అని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే నాకు కోపం వచ్చేది, అడగనందుకు ఇప్పుడు ఏడుపు వస్తున్నది. నాన్న చేసిన అప్పు తీరాలి, చెల్లెలి చదువు పూర్తి కావాలి, ఆ పైన ఈ పరీక్ష గెలవాలన్న పంతం కూడా నాకు ఉన్నది. దానిని ఇంటి బాధ్యతల చాటున దాచి నీకు చెప్పడం న్యాయం కాదు.

ఇక రెండు మూడు సంగతులు. మనం కలిసి కట్టిన చీటీ ఎత్తుబడి వచ్చినప్పుడు నా వాటా నాన్నకు అందజెయ్యి, నువ్వు కట్టిన నెలలు మాత్రం మినహాయించుకో. అమ్మ అడిగితే తప్పు ఎవరిదీ కాదని చెప్పు, ఆమె నమ్మకపోయినా సరే. రాత్రి పదకొండు దాటాక నాకోసం మేలుకొని ఉండే అలవాటు మానుకో, పొద్దున్నే బడి ఉంటుంది. సంబంధాలు వస్తే నా గురించి దాచకుండా చెప్పు. పెళ్లి కబురు మాత్రం నాకు నువ్వే చెప్పాలి, వేరెవరి నోటా విననివ్వకు.

ఇట్లు,
నీ మేలు కోరే నేను