పెళ్లి వీడియోలో వణుకు కనపడలేదు: నా అనుభవం

నలుగురిలో ఉంటే నాకొచ్చే భయానికి నెల్లూరులో కౌన్సెలింగుకి చేరడం పెద్ద పనేం కాలేదు. అంతకుముందు చూపించుకున్న ఒక డాక్టరు మాత్రం “పెళ్లి చేయండి, అదే సర్దుకుంటుంది” అని మా అమ్మకు చెప్పి పంపేశాడు. అలా అనేవాళ్ల దగ్గరికి రెండోసారి పోకండి. ఊళ్లో ఎవరూ దొరక్కపోతే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నన్ను నలిపేసింది కావలిలో మా పెదనాన్న కూతురి పెళ్లి. బంతిలో నా చేతికి సాంబారు బకెట్ ఇచ్చారు. గరిటె పట్టగానే చేయి వణికింది. అది కనపడకూడదని గరిటెను బిగించి పట్టుకుని, తల ఎత్తకుండా ఆకులే చూస్తూ నడిచాను. వరస చివర్లో ఒక మామయ్య “ఏందబ్బాయా, ఎవరి మొహమూ చూడవు, అంత గర్వమా?” అన్నాడు. బంతంతా నవ్వింది. బకెట్ అక్కడే పెట్టి బయటికొచ్చేశాను. ఆ రాత్రి నుంచి పడుకుంటే అదే సీను. తిరిగి వచ్చిన ప్రతిసారీ నవ్వు పెద్దదయ్యేది, చేయి ఇంకాస్త వణికేది. నలుగురిలో ఒకణ్ణి పట్టుకుని నవ్వించడం సరదా అనుకునే పెద్దమనుషులు చేయి కడుక్కునే లోపే ఆ మాట మర్చిపోతారు. మోసేది అవతలివాడు.

“ఆ సీనులో నీ మొహం నీకు కనపడుతోందా?” అని కౌన్సెలర్ అడిగింది. కనపడుతోంది. నా కళ్లతో చూసిందైతే ఆకులూ గరిటే కదా కనపడాలి! భయాన్ని బట్టి మనసు కట్టుకున్న బొమ్మ అదని చెప్పి, పెళ్లి వీడియో తెమ్మంది.

చూసే ముందే అందులో ఏముంటుందో రాయించింది. చేయి వణుకుకి నూటికి 90 వేశాను. తెర మీదున్నది ఎవరో తెలియని మనిషి అనుకుని, అతనికి ఏమనిపించిందో వదిలేసి, ఏం కనపడుతోందో అదే చూడమంది. వెతికితే తప్ప వణుకు కనపడలేదు. కొట్టొచ్చినట్టు కనపడింది వంచిన తల, బిగుసుకున్న భుజాలు. మా పెద్దమ్మ ఏదో అడుగుతుంటే ఆగకుండా దాటిపోతున్నాను. భయాన్ని దాచడానికి చేసినవే చూసేవాళ్లకు గర్వంలా ఉన్నాయి. పైగా గరిటె బిగించేకొద్దీ వణుకు పెరుగుతుందట.

తర్వాత సింగరాయకొండలో గృహప్రవేశానికి వెళ్లి, వడ్డన నేనే అడిగి తీసుకున్నాను. గరిటె వదులుగా పట్టుకున్నాను. ఒక్కొక్కరి మొహం చూసి “ఇంకొంచెం వేయనా?” అని అడిగి, జవాబు విని కదిలాను. చేయి వణికింది, ఎవరూ ఏమీ అనలేదు. ఒక అవ్వ “పప్పు పంపించు నాయనా” అంది. అదే మామయ్య ఎదురైతే కళ్లలోకి చూసి “సాంబారా, రసమా?” అని అడిగాను. రసం అన్నాడు. ఆ రోజు నన్ను చూసుంటే మీరూ మెచ్చుకునేవాళ్లు.

ఇంటికొచ్చాక కంటితో చూసిందీ చెవితో విన్నదీ మాత్రమే కాగితం మీద రాశాను. “అనుకుని ఉంటారు” అనే మాటకు అందులో చోటు లేదు. రాత్రి సీను మొదలవగానే ఆ కాగితం ఒక్కసారి చదివి, లేచి వేరే పని చూసుకుంటున్నాను. మైకు పట్టుకుని మాట్లాడటం ఇంకా నా వల్ల కావడం లేదు. కౌన్సెలర్‌తో ఇప్పుడు మొదలుపెడుతున్నది అదే.