పడుకునే ముందు త్రిఫల చూర్ణం: మోతాదు కుదుర్చుకోవడం, మానుకోవడం – నా అనుభవం

రక్తహీనతకు ఐరన్ మాత్రలు మొదలైన కొద్ది వారాలకే నాకు మలబద్ధకం పట్టుకుంది. అంతకుముందు ఏ ఇబ్బందీ లేని నాకు రెండు మూడు రోజులకొకసారి, అదీ ఎంతో ముక్కితే గాని విరేచనం కాకపోవడం, అయినా కడుపు ఖాళీ అయిన తృప్తి లేకపోవడం మామూలైపోయింది. ఐరన్ మాత్రలు వాడే చాలామందికి ఇలా జరుగుతుందనీ, అలాగని మాత్రలు మానకూడదనీ ఫిజీషియన్ చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లందరూ త్రిఫల చూర్ణం వేసుకోమన్నారు. ఒక ఆయుర్వేద వైద్యురాలిని సంప్రదించిన తరువాతే దానిని మొదలుపెట్టాను. ఆమె అడిగిన ప్రశ్నలే ఈ చూర్ణం గురించి నాకున్న అవగాహనకు పునాది అయ్యాయి కనుక వాటినుంచే చెబుతాను.

ఆమె ముందుగా నా కోష్ఠం, అంటే పేగు కదిలే తీరు, ఎలాంటిదో తెలుసుకోవాలనుకున్నారు. పాలు తాగితేనో, నాలుగు ఎండుద్రాక్షలు తింటేనో సులువుగా విరేచనమయ్యేవారిది మృదుకోష్ఠమనీ, గట్టి విరేచనకారి ఇచ్చినా కదలనివారిది క్రూరకోష్ఠమనీ ఆయుర్వేదం చెబుతుంది. ఒకే మోతాదు ఒకరికి నీళ్ల విరేచనాలు తెప్పిస్తే మరొకరికి ఏమీ చేయకపోవడానికి కారణం ఇదేనని ఆమె వివరించారు. తరువాత నేను వాడుతున్న మందులన్నీ ఏ వేళకు వేసుకుంటున్నానో రాయించుకున్నారు. ఐరన్ మాత్రను రాత్రి భోజనం తరువాత వేసుకుంటున్నానని చెప్పగానే కలం ఆపి, "ముందు ఆ వేళ మారాలండీ, అప్పుడే చూర్ణం సంగతి" అన్నారు.

కారణం చూర్ణంలోనే ఉంది. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ – ఈ మూడింటి గింజలు తీసేసి, ఎండిన పెచ్చులను సమభాగాలుగా దంచి జల్లించినదే త్రిఫల చూర్ణం. నాలుక మీద పడగానే తెలిసే ఆ వగరు టానిన్లది. అవి ఇనుముతో కలిసి కరగని పదార్థంగా మారి, పేగు దానిని పీల్చుకోకుండా అడ్డుపడతాయి. ఐరన్ మాత్రతో పాటు టీ తాగవద్దని చెప్పేది కూడా ఇందుకే. మాత్రను, చూర్ణాన్ని రాత్రిపూట దగ్గర దగ్గరగా వేసుకుంటే మలబద్ధకం తగ్గినా రక్తహీనత తగ్గే వేగం మందగించవచ్చు. అందువల్ల ఫిజీషియన్ అనుమతితో ఐరన్ మాత్రను ఉదయం పరగడుపుకు మార్చుకున్నాను. చూర్ణం రాత్రికి మిగిలింది, రెండింటికీ మధ్య ఒక పూటంతా ఎడం వచ్చింది.

రాత్రివేళే ఎందుకన్న నా సందేహానికీ ఆమె సమాధానం చెప్పారు. సునాముఖి ఆకులో ఉండే తరహా విరేచనకారి పదార్థాలు కరక్కాయలో స్వల్పంగా ఉంటాయనీ, అవి పెద్దపేగు వరకు చేరి దానిని కదిలించడానికి కొన్ని గంటలు పడుతుందనీ అన్నారు. పడుకునే ముందు వేసుకుంటే ఆ కదలిక తెల్లవారుజామున, పేగు తనంతట తాను చురుకయ్యే సమయానికి కలిసివస్తుంది. అయితే అదే చూర్ణంలోని టానిన్లకు మలాన్ని కట్టే గుణం కూడా ఉంది. అందుకే మరీ తక్కువ మోతాదులో కొందరికి ప్రయోజనమేమీ కనబడదు, మోతాదు పెరిగినప్పుడే విరేచనగుణం పైచేయి అవుతుంది. ఒకే పొట్లంలో ఈ రెండు గుణాలూ ఉండటం వల్లనే త్రిఫలకు మోతాదును ఎవరికి వారు కుదుర్చుకోవలసి వస్తుంది.

సాధారణంగా పెద్దవారికి రోజుకు 3 నుంచి 6 గ్రాముల చూర్ణం చెబుతారు. నాకు సుమారు 2 గ్రాములతో మొదలుపెట్టమన్నారు. చెంచాను నమ్మవద్దని ఆమె ప్రత్యేకంగా హెచ్చరించారు, ఎందుకంటే చూర్ణం ఎంత మెత్తగా ఉంది, చెంచాను తలకొట్టి కొలిచామా లేక కుప్పగా తీశామా అన్నదానిని బట్టి తూకం చాలా తేడా వస్తుంది. వంటింటి చిన్న త్రాసులో ఒకసారి తూచి, ఏ చెంచాకు ఎంత వస్తుందో గుర్తుపెట్టుకున్నాను. రాత్రి భోజనమైన రెండు గంటలకు, గోరువెచ్చని నీటిలో కలిపి తాగి, పైన మరో గ్లాసెడు నీళ్లు తాగేదానిని. మందుతో కలిపి తీసుకునే అనుపానంగా నెయ్యి, తేనె కూడా ఉన్నా నాకు వేడినీళ్లే చాలన్నారు.

మొదటి రెండు మూడు రాత్రులు కడుపులో గుడగుడలు, కొంచెం గాలి తప్ప చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. దీనికి నిరాశపడి వెంటనే మోతాదు రెట్టింపు చేయవద్దనీ, ప్రతి మార్పు తరువాత మూడు నాలుగు రోజులు ఆగి చూడాలనీ ఆమె ముందే చెప్పి ఉన్నారు. ఏమి చూడాలో కూడా చెప్పారు. మలం రూపాన్ని ఏడు రకాలుగా విభజించిన బ్రిస్టల్ పట్టిక ఒకటి ఉంది. అందులో ఒకటో రకం గట్టి గోలీల్లాంటిది, రెండోది ముద్దలు ముద్దలుగా అతుక్కున్నది, మూడు నాలుగు రకాలు సులువుగా జారే మెత్తని మలం, ఆరోది విడివిడిగా పలుచబడినది, ఏడోది పూర్తిగా నీళ్లు. మనకు కావలసింది మూడు, నాలుగు. నేను ఒకటికీ రెండుకీ మధ్య ఉండేదానిని. 3 గ్రాములకు పెంచాక మూడో రకానికి వచ్చింది, ముక్కవలసిన అవసరం తగ్గింది. 4 గ్రాములు వేసుకున్న రాత్రుల తరువాత మాత్రం తెల్లవారకముందే మెలిపెట్టే నొప్పితో మెలకువ వచ్చి, రెండుసార్లు ఆరో రకంగా అయ్యేది. నాకు మోతాదు ఎక్కువైందనడానికి గుర్తు అదే కనుక తిరిగి 3 గ్రాములకు వచ్చి అక్కడే నిలిచాను. విరేచనం ఎంత పలుచనైతే ఒళ్లు అంత శుభ్రపడుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది సరికాదని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే అలా పోయేది నీరూ, పొటాషియం వంటి లవణాలూను.

ఐరన్ మాత్రలు వాడేవారు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఐరన్ వల్ల మలం ముదురు ఆకుపచ్చగానో నల్లగానో మారడం సహజం, దానికి త్రిఫల కారణం కాదు. కానీ తారులా జిగటగా, భరించలేని దుర్వాసనతో నల్లగా వస్తే అది జీర్ణకోశంలో రక్తస్రావానికి గుర్తు కావచ్చు. అప్పుడు చూర్ణం, మాత్రల మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఎంతకాలం వాడవచ్చన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న. "ఏళ్ల తరబడి వేసుకుంటున్నాం, ఏమీ కాలేదు" అనేవారు ప్రతి కుటుంబంలో ఉంటారు. త్రిఫల మీద మనుషులలో జరిగిన పరిశోధనలు ఎక్కువగా కొద్దిమందితో, కొద్ది వారాలపాటు జరిగినవి కాబట్టి, సంవత్సరాల వాడకం నిరపాయమని వాటి ఆధారంగా చెప్పలేము. ఈ విషయంలో వైద్యురాలు నాకు చెప్పిన పద్ధతి నాకు చాలా సబబుగా తోచింది: వాడే కాలాన్ని అలవాటుతో కాక, మలబద్ధకానికి గల కారణంతో ముడిపెట్టాలి. నా కారణం ఐరన్ మాత్ర. అది ఉన్నంతకాలం ఈ చూర్ణం ఆసరా, అది తగ్గుతున్నకొద్దీ ఇదీ తగ్గాలి. కారణమే తెలియకుండా రోజూ వేసుకుంటూపోతే, థైరాయిడ్ లోపమో, పేగులోని కణితో లోపల పెరుగుతున్నా పైకి అంతా సవ్యంగా ఉన్నట్టే కనబడే ప్రమాదం ఉంటుంది.

కొంతకాలానికి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ పెరుగుతున్నట్టు తేలింది. చూర్ణం ఇనుముకు అడ్డుపడటం లేదన్న ధైర్యం అప్పుడు కలిగింది. ఫిజీషియన్ మాత్రను రోజు విడిచి రోజుకు మార్చడంతో పేగు మీద భారం కూడా తగ్గింది. చూర్ణం తగ్గించడం అక్కడినుంచి ఆరంభించాను. ముందు 2 గ్రాములకు దిగి ఒక వారం చూశాను, తరువాత రాత్రి విడిచి రాత్రి, ఆపైన వారానికి రెండుసార్లు. ప్రతి మెట్టులోనూ మలం నాలుగో రకానికి దగ్గరగా ఉందా, ముక్కకుండా అవుతోందా అని చూసుకున్నాకే తరువాతి మెట్టు దిగాను. ఒక దశలో రెండు రోజులు విరేచనం కాలేదు. అది పేగు చూర్ణానికి అలవాటుపడటం కాదనీ, నీళ్లూ పీచుపదార్థమూ పెంచి మరికొన్ని రోజులు ఆగమనీ ఆమె చెప్పారు, అలాగే సర్దుకుంది. ఐరన్ మాత్రల కోర్సు పూర్తయ్యేనాటికి చూర్ణం అవసరం లేకుండాపోయింది.

నాకు కుదిరింది కదా అని మా అత్తగారు తానూ మొదలుపెడతానన్నారు. ఆవిడ గుండె జబ్బుకు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. వైద్యురాలిని అడిగితే, "మీ అత్తగారికి ఇది వద్దండీ, వార్ఫరిన్‌తో మూలికలు కలిస్తే రక్తస్రావం జరిగే ముప్పు పెరగవచ్చు" అని నిక్కచ్చిగా చెప్పారు. వార్ఫరిన్ మోతాదును, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే ఐఎన్‌ఆర్ పరీక్షతో ఎంతో సున్నితంగా సరిచేస్తూ ఉంటారు, ఆ లెక్క తప్పించే వీలున్నదేదీ వైద్యునికి తెలియకుండా చేర్చకూడదు. "అమ్మాయీ, చెట్టు కాయలే కదా, దానికింత ఆలోచనేమిటి?" అని ఆవిడ అన్నప్పుడు, "కాయలే అత్తయ్యా, కానీ కాయలో పనిచేసే గుణం ఉండబట్టే కదా మనం వేసుకునేది" అన్నాను. ఆవిడ మలబద్ధకం సంగతి గుండె వైద్యునికే చెప్పాము, ఆయన ఇసబ్‌గోల్‌ను మందులకు ఎడంగా, నీళ్లు బాగా తాగుతూ వాడమన్నారు.

వద్దని ఆమె చెప్పిన మరికొందరి గురించి కూడా ఇక్కడ చెప్పాలి. గర్భిణులు వాడకూడదు, పాలిచ్చే తల్లులు కూడా వైద్యులు చెప్పకుండా తీసుకోరాదు. ఇప్పటికే విరేచనాలతో నీరసించినవారికి, పేగుల్లో వాపు జబ్బు ఉన్నవారికి ఇది హాని చేస్తుంది. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడే వృద్ధులలో పొటాషియం ముందే తక్కువగా ఉండవచ్చు, దానికి విరేచనాలు తోడైతే గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ సొంతంగా మొదలుపెట్టకూడదు. మధుమేహానికి మందులు వాడేవారిలో త్రిఫల చక్కెరను మరింత తగ్గించవచ్చు కనుక, వాడితే వైద్యుని పర్యవేక్షణలో చక్కెర చూసుకుంటూ వాడాలి. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకుండా ఉన్నవారికి ఏ విరేచనకారీ ఇవ్వరాదు, అది పేగు మూసుకుపోవడం కావచ్చు. యాభై దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైనా, మలంలో రక్తం కనబడినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా చూర్ణం వేసుకుని ఎదురుచూడక ముందు పరీక్ష చేయించుకోవాలి. నా రక్తహీనతకు కారణం పేగులో రక్తస్రావం కాదని ఫిజీషియన్ పరీక్షలు చేసి నిర్ధారించారా అని వైద్యురాలు నన్ను ముందుగానే అడిగి, ఆ రిపోర్టులు చూశాకే చూర్ణం రాసిచ్చారు.