హీట్ ప్రొటెక్టెంట్ స్ప్రే: ఒకవైపు కొట్టి, రెండోవైపు వదిలేసి చూశాను

విశాఖలో ఒక హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తాను. నా జుట్టు నడుముకు కాస్త పైదాకా ఉంటుంది. పూర్తిగా ఉంగరాల జుట్టు కాదు, అలాగని తిన్నగానూ ఉండదు. డ్యూటీలో ఎప్పుడు చూసినా తల నీట్‌గా ఉండాలి కాబట్టి తలస్నానం చేసిన ప్రతిసారీ డ్రయ్యర్, దాని తర్వాత స్ట్రెయిట్‌నర్ తప్పదు. అలా వారానికి రెండుసార్లు వేడి తగులుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అందరూ, వేడి పెట్టే ముందు జుట్టుకు కొట్టుకునే హీట్ ప్రొటెక్టెంట్ స్ప్రే గురించి చెప్పారు. కానీ చెప్పేది ఒకరికొకరికి పొంతన ఉండేది కాదు. "అది కొట్టుకుంటే చాలమ్మా, ఎంత వేడి పెట్టినా ఏం కాదు" అని పార్లర్‌లో అక్క అంది. "అంతా నీళ్లూ సెంటూనే, డబ్బు దండగ" అని నాతోపాటు డ్యూటీ చేసే అమ్మాయి తేల్చేసింది. ఎవరి మాట నిజమో నా తల మీదే చూద్దామనుకుని, తలకు ఎడమవైపు స్ప్రే కొట్టి, కుడివైపు కొట్టకుండా కొన్ని నెలలు నడిపాను. షాంపూ, కండిషనర్, వేడి, ఇస్త్రీ చేసే తీరు రెండువైపులా ఒక్కటే.

ముందు సీసా వెనక రాసినది చదివాను. నేను కొన్నదాంట్లో మొదట నీరు, ఆ తర్వాత ఆల్కహాల్, తర్వాత సిలికోన్లు ఉన్నాయి: సైక్లోపెంటాసిలోక్సేన్, అమోడైమెథికోన్. వీటితోపాటు పొరలా పట్టుకునే పాలిమర్లు, గోధుమ ప్రోటీన్ కొద్దిగా. నీరూ ఆల్కహాలూ ఆరిపోతాయి. సైక్లోపెంటాసిలోక్సేన్ కూడా మిగతావాటిని జుట్టంతా పరిచి, చాలావరకు ఆవిరైపోతుంది. వెంట్రుక మీద నిలిచి పనిచేసేది అమోడైమెథికోన్, డైమెథికోన్ లాంటి బరువైన సిలికోన్లూ, పాలిమర్లూ. ఈ పేర్లేవీ లేకుండా కలబంద, విటమిన్ ఇ, ఏవో పువ్వుల రసాలు మాత్రమే కనిపించే సీసా మీద "హీట్ ప్రొటెక్షన్" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా నేను కొనను.

ఆ పొర చేసే పని చాలా చిన్నది, కానీ నిజమైనది. సిలికోన్లు వేడిని తొందరగా లోపలికి పోనివ్వవు. పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డతో పట్టుకుంటే చెయ్యి వెంటనే కాలదు, అలాగే పట్టుకుని నిలబడితే మాత్రం కాసేపటికి చురుక్కుమంటుంది. ఇక్కడా అంతే. స్ప్రే వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది, ఒకేచోట గుచ్చకుండా సమంగా పరుస్తుంది. నిజంగా వేడిని పూర్తిగా ఆపేస్తే జుట్టు తిన్నగా కూడా అవ్వదు కదా! వెంట్రుక లోపల కెరటిన్ అనే ప్రోటీన్‌ను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు వేడికి సడలి, చల్లారేటప్పుడు కొత్త ఆకారంలో మళ్లీ ముడిపడతాయి. అందుకోసమే కదా ఇస్త్రీ చేస్తున్నాం. సీసా మీద "230 డిగ్రీల వరకు రక్షణ" అని ఉంటే, ఆ వేడిలోనూ కొంత నష్టం తగ్గుతుందనే అర్థం చేసుకోవాలి. 230లో పెట్టుకోవచ్చని అనుమతి ఇచ్చినట్టు కాదు.

కొట్టే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది. చాలామంది తల పైన నాలుగుసార్లు కొట్టి దువ్వేస్తారు. అప్పుడు పైపొరకు తడి ఎక్కువై, లోపలి జుట్టుకు ఏమీ అందదు. నేను జుట్టును పాయలుగా తీసి క్లిప్పులు పెట్టుకుంటాను. స్ట్రెయిట్‌నర్ పలకకంటే పాయ వెడల్పుగా ఉండకూడదు. సీసాను జానెడు దూరంలో పట్టుకుని, పాయ నడుమ నుంచి చివరిదాకా ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొడతాను. కుదుళ్ల దగ్గర వద్దు, అక్కడ జుట్టు కొత్తది, గట్టిది, పైగా మాడు జిడ్డవుతుంది. ఆ తర్వాత దూరం పళ్ల దువ్వెనతో ఒకసారి దువ్వితే మందు అంతా సర్దుకుంటుంది.

ఇక అసలు సంగతి తడి. డ్రయ్యర్‌కు ముందు స్ప్రే చేస్తే జుట్టు తడిగా ఉన్నా ఫర్వాలేదు, తువ్వాలుతో నీరు పిండేశాక కొట్టి ఆరబెట్టుకోవచ్చు. స్ట్రెయిట్‌నర్ మాత్రం పూర్తిగా ఆరిన జుట్టు మీదే పెట్టాలి. వెంట్రుక లోపల నీరు ఉండగా వేడి పలకల మధ్య నొక్కితే, ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై బయటికి పోయే దారిలేక లోపలే బుడగలు కడుతుంది. అలా బుడగలు కట్టిన చోట వెంట్రుక బోలుగా మారి పుటుక్కున తెగుతుంది. దీనికి ఏ స్ప్రే కూడా అడ్డు నిలవదు. కెరటిన్ కూడా తడిలో ఉన్నప్పుడు, ఆరినప్పటికంటే చాలా తక్కువ వేడికే చెడిపోతుంది. స్ప్రేలోనే నీరు ఉంటుంది కాబట్టి, ఆరిన జుట్టు మీద కొట్టి వెంటనే ఇస్త్రీ పెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

ఆరిందో లేదో చూడటానికి నేను చేసేది ఇది. పాయను బుగ్గకు ఆనించి చూస్తాను, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. అనుమానంగా ఉంటే టిష్యూ కాగితంతో నొక్కి చూస్తాను. పలకలు పెట్టగానే సుయ్‌మని చప్పుడొచ్చినా, పొగలా ఆవిరి లేచినా వెంటనే తీసేసి, డ్రయ్యర్‌తో ఇంకాసేపు ఆరబెడతాను. ఆ చప్పుడు విని "స్ప్రే పనిచేస్తోంది" అనుకునేవాళ్లను చూశాను. అది నీరు ఉడుకుతున్న చప్పుడు.

వేడి విషయానికొస్తే, నా జుట్టు మధ్యరకం మందం. మొదట 150లో పెట్టి చూస్తే పాయను మూడు నాలుగుసార్లు లాగాల్సి వచ్చింది, అయినా సరిగా తిన్నబడలేదు. 170లో ఒక్కసారి నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా లాగితే సరిపోయింది. తక్కువ వేడిలో పదేపదే రుద్దడంకంటే, సరిపడా వేడిలో ఒక్కసారి లాగడమే మేలు. అలాగని 200 దాటించాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. సన్నటి జుట్టుకు, రంగు వేసుకున్న జుట్టుకు 150 దగ్గరే ఆగాలి. డిగ్రీలు చూపించకుండా ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్న స్ట్రెయిట్‌నర్‌తో ఇబ్బంది ఇక్కడే, పలక ఎంత వేడెక్కిందో మనకు తెలియదు. డబ్బు ఒకదానికే ఉంటే ఖరీదైన స్ప్రే మానేసి, డిగ్రీలు మార్చుకునే మిషన్ కొనమంటాను.

ఇంతకీ రెండువైపులా తేడా వచ్చిందా అంటే, వచ్చింది. మొదటి వారాల్లో కంటికి ఏమీ తెలియలేదు. స్ప్రే కొట్టిన ఎడమవైపు కాస్త మెరుపుగా ఉందంతే, అది సిలికోన్ మెరుపు. షాంపూతో తల రుద్దుకోగానే రెండువైపులా ఒకేలా అయ్యేవి. నెలలు గడిచేకొద్దీ దువ్వెన దగ్గర తేడా కనిపించింది. కుడివైపు చిక్కు ఎక్కువ పడేది, దువ్వెనలో పొట్టి పొట్టి తెగిన ముక్కలు ఎక్కువ వచ్చేవి. కుదురుతో సహా ఊడిన వెంట్రుకకు ఒక కొసన చిన్న తెల్లటి గుబ్బ ఉంటుంది, తెగినదానికి అది ఉండదు. ఈ ముక్కలకు ఆ గుబ్బ లేదు. కుడివైపు చివర్లను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే అక్కడక్కడా తెల్ల చుక్కలు కనిపించాయి, వేలితో కాస్త వంచితే వెంట్రుక సరిగ్గా ఆ చుక్క దగ్గరే తెగింది.

ఎడమవైపు కూడా చెక్కుచెదరకుండా లేదు. అక్కడా చివర్లు ఎండాయి, కొన్ని రెండుగా చిట్లాయి. కుడివైపుతో పోలిస్తే తక్కువ, అంతే. నా అంచనాలో స్ప్రే వల్ల కలిగిన మేలులో పెద్ద భాగం దువ్వెన, పలకల రాపిడి తగ్గడం వల్లే వచ్చింది. జారుడుగా ఉన్న వెంట్రుక లాగినప్పుడు తట్టుకుంటుంది. వారానికి రెండుసార్లు 170 డిగ్రీలు తగిలే జుట్టుకు ఆ మాత్రం ఊరట చిన్నదేమీ కాదు. ఆ తర్వాత నుంచి రెండువైపులా కొట్టుకుంటున్నాను.

ఒక విషయంలో మాత్రం రెండువైపులా ఏ తేడా లేదు. విశాఖ సముద్రపు గాలి! పొద్దున్న తిన్నగా చేసుకున్న జుట్టు బీచ్ రోడ్డు మీద బస్సు దిగి నడిచేసరికి రెండువైపులా ఒకేలా అలలు తిరిగిపోయేది. గాలిలోని తేమ వెంట్రుకలోకి చేరి ఆ హైడ్రోజన్ బంధాలను మళ్లీ విప్పేస్తుంది. చాలా స్ప్రేలు దీన్ని పెద్దగా ఆపలేవు, వాటి పని వేడి వరకే. జుట్టు సాయంత్రందాకా తిన్నగా నిలవాలని వీటిని కొంటే నిరాశే.

అమ్మ మాత్రం "ఆ సీసాలెందుకే, కాస్త కొబ్బరినూనె రాసుకుని చేసుకో" అంటుంది. కొబ్బరినూనె మంచిదే. తలస్నానానికి ముందు రాస్తే వెంట్రుక లోపలికి ఇంకి, రుద్దుకునేటప్పుడు పోయే ప్రోటీన్‌ను తగ్గిస్తుంది. అందుకే ముందురోజు రాత్రి అమ్మతోనే రాయించుకుంటాను. కానీ నూనె రాసిన జుట్టు మీద స్ట్రెయిట్‌నర్ పెడితే పొగ, మాడు వాసన, పలకలకు జిడ్డు. సిలికోన్ల పొరలా అది సమంగా పరుచుకుని నిలవదు. "సరేలే, నూనె ముందు నాది, మందు తర్వాత నీది" అని అమ్మ ఒప్పుకుంది.

డ్రయ్యర్ దగ్గర స్ప్రేకంటే దూరం ముఖ్యం. 2011లో కొరియా పరిశోధకులు కత్తిరించిన జుట్టు మీద పరీక్షించినప్పుడు, 15 సెంటీమీటర్ల దూరంలో గాలి వేడి 47 డిగ్రీలు, 5 సెంటీమీటర్ల దూరంలో 95 డిగ్రీలు ఉంది. దగ్గరికి తెచ్చేకొద్దీ వెంట్రుక పైపొలుసులు ఎక్కువ దెబ్బతిన్నాయి. 15 సెంటీమీటర్ల దూరంలో డ్రయ్యర్‌ను కదుపుతూ ఆరబెట్టడం, గంటలకొద్దీ తడిగా వదిలేయడంకంటే మేలని కూడా వాళ్లు తేల్చారు. నేనూ జుట్టు ముప్పాతిక వంతు ఆరేదాకా మామూలు గాలి, చివర్లో మాత్రమే గోరువెచ్చని గాలి పెడతాను.

స్ప్రే వాడటం మొదలయ్యాక చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. సిలికోన్లలో కొన్ని మామూలు నీళ్లకు పోవు. వారాల తరబడి పేరుకుంటే జుట్టు బరువుగా, తలంటుకున్న రోజే జిడ్డుగా అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడు ఒకసారి గట్టిగా నురగ వచ్చే షాంపూతో కడిగి, కండిషనర్ పెడితే తేలికవుతుంది. తల కడిగిన ప్రతిసారీ ఆ పొర చాలావరకు పోతుంది కాబట్టి, మళ్లీ వేడి పెట్టే ముందు మళ్లీ కొట్టాల్సిందే.

కుడివైపు అప్పటికే చిట్లిన చివర్లను ఈ స్ప్రే గానీ, సీరమ్ గానీ, కెరటిన్ అని రాసి ఉన్న ఏ క్రీమ్ గానీ అతికించలేకపోయింది. పైకి రాసినంతసేపు కలిసినట్టు కనిపించి, కడగ్గానే మళ్లీ విడిపోయేవి. చివరికి పార్లర్‌కు వెళ్లి రెండువైపులా సమంగా ఉండేలా రెండంగుళాలు కత్తిరించుకున్నాను.